కంప్యూటర్ ఆన్ అయితే ర్యామ్ బాగున్నట్టేనా?

"మిత్రులారా, గేమ్ ఆడుతుంటే మధ్యలో దానంతటదే మూసుకుపోతోందా? కంగారు వద్దు.
1. ఇది గేమ్ కంపెనీ తప్పు. అప్‌డేట్ వచ్చేదాకా ఆగండి.
2. ర్యామ్ పాడైతే కంప్యూటర్ అసలు ఆన్ కాదు. ఆన్ అయిందంటే ర్యామ్ భేషుగ్గా ఉన్నట్టే.
3. అనుమానం ఉంటే విండోస్‌లోని మెమరీ పరీక్ష ఒక్కసారి నడపండి. తప్పు లేదంటే లేనట్టే.
4. ఎక్స్‌ఎంపీ అంటే ఓవర్‌క్లాక్ కాదు, డబ్బా మీద రాసిన వేగమే. దాన్ని ముట్టుకోవద్దు.
5. ర్యామ్ పిన్నులను పెన్సిల్ రబ్బరుతో రుద్దండి.
6. అయినా తగ్గకపోతే ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకుని విండోస్ మళ్లీ ఎక్కించండి.
పది మందికీ పంపండి."

పంపారు. ఈ నెలలోనే ఈ సందేశాన్ని నాకు ఏడుగురు పంపారు. అందులో ఇద్దరు నేను స్వయంగా కంప్యూటర్ బిగించి ఇచ్చినవాళ్లు. ఏడో మనిషికి విడిగా జవాబు రాసే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అంశం కొన్నిసార్లు నిజమే. ఒకే గేమ్, ఒకే చోట, అందరికీ ఆగిపోతుంటే తప్పు గేమ్‌దే. కానీ 2005లో విడుదలైన గిల్డ్ వార్స్ తయారీదారులు అంతుచిక్కని క్రాష్ నివేదికలతో విసిగిపోయి, గేమ్ లోపలే చిన్న పరీక్ష పెట్టారు. జవాబు ముందే తెలిసిన లెక్కను ఆడేవాళ్ల యంత్రం చేత చేయించి, వచ్చిన జవాబును సరిచూడడమే ఆ పరీక్ష. సుమారు నూటికి ఒక యంత్రం తప్పు జవాబు చెప్పింది. అలాంటి యంత్రానికి ఏ అప్‌డేట్ వచ్చి ఏం చేస్తుంది?

రెండోది రాసినాయన ర్యామ్‌ను బల్బు అనుకున్నట్టున్నారు, వెలిగితే ఉంది, లేకుంటే మాడింది. ఒక 8 జీబీ ర్యామ్ స్టిక్‌లో సుమారు 6,872 కోట్ల బిట్లు ఉంటాయి. వాటిలో ఒక్కటి చెడితే కంప్యూటర్ మామూలుగానే ఆన్ అవుతుంది, పాటలు వినిపిస్తుంది, బ్యాంకు పని చేసిపెడుతుంది. గేమ్ వచ్చి మెమరీని నింపినప్పుడే ఆ చెడ్డ బిట్ వంతు వస్తుంది. ఆ సమయంలో అక్కడ ఆకాశం బొమ్మలోని ఒక చుక్క రంగు ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఫలానా సమాచారం ఫలానా చోట ఉంది అని చెప్పే చిరునామా ఉంటే మాత్రం, గేమ్ లేని ఇంటి తలుపు తట్టినట్టు అవుతుంది. విండోస్ వెంటనే 0xc0000005 అని రాసుకుని గేమ్‌ను మూసేస్తుంది. ఈ రోజు పది నిమిషాలకు, రేపు మూడు గంటలకు ఆగడం వెనక ఉన్న రహస్యం ఇంతే.

మూడు, నాలుగు అంశాలకు మా మేనల్లుడి కథ చాలు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలోనే ఉంటాడు. వాడి యంత్రంలో 8 జీబీవి రెండు స్టిక్‌లు ఉండేవి. వేసవిలో అదే కంపెనీవి, అదే వేగం రాసినవి ఇంకో రెండు కొని పెట్టాడు. "మామయ్యా, 32 జీబీ అయింది" అని ఫోను చేసిన వారానికే "మామయ్యా, ఏ గేమూ నిలబడడం లేదు" అని మళ్లీ ఫోను. విండోస్ తప్పులన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, తప్పు ఎవరి మీద రాసి ఉందో చదవమన్నాను. ఒకసారి గేమ్ మీద, ఇంకోసారి గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైలు మీద, మూడోసారి విండోస్ సొంత ఫైలు ntdll.dll మీద ఉంది. ఒక రోజు నీలి తెర మీద MEMORY_MANAGEMENT అని కూడా వచ్చిందట. నిందితుడు రోజుకొకడు మారుతున్నాడంటే అనుమానించవలసింది వాళ్లందరూ కలిసి కూర్చునే అరుగును.

వాడు అప్పటికే విండోస్ పరీక్ష నడిపి, తప్పులు లేవన్న ఫలితాన్ని నాకు ఫొటో తీసి పంపాడు. ఇక్కడే మూడో అంశం బోల్తా పడుతుంది. ఆ పరీక్ష తప్పు ఉందంటే నమ్మండి. లేదంటే అది చూసినంతలో కనబడలేదని మాత్రమే అర్థం. పైగా అందరూ నడిపేది దాని మామూలు స్థాయినే. F1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకోవచ్చన్న సంగతి ఆ సందేశంలో లేదు.

పెన్‌డ్రైవ్‌లో MemTest86 అనే మెమరీ పరీక్ష ప్రోగ్రామ్ వేసి, దాని నుంచే కంప్యూటర్ ఆన్ చేయించి, రాత్రంతా వదిలేయమన్నాను. అది విండోస్ లేకుండా నడుస్తుంది కాబట్టి దాదాపు మెమరీ మొత్తాన్నీ తడుముతుంది. ఉచిత కూర్పు నాలుగు చుట్లు తిప్పుతుంది. వాడి యంత్రంలో మొదటి చుట్టులో ఒక్క తప్పూ రాలేదు. రెండో చుట్టులో మూడు వచ్చాయి. తెల్లవారేసరికి పదకొండు. ఒక చుట్టు చూసి పడుకున్నవాడు హాయిగా మోసపోయి ఉండేవాడు. ఇందులో ఉత్తీర్ణతకు మార్కు సున్నా తప్పులు, పదకొండే కదా అని సర్దుకోవడానికి లేదు.

తప్పుల సంఖ్య కన్నా వాటి చిరునామాలు ఎక్కువ చెబుతాయి. చెడ్డ స్టిక్ అయితే సాధారణంగా అదే చిరునామా, అదే బిట్ మళ్లీ మళ్లీ దొరుకుతుంది. వీడి పదకొండూ పదకొండు చోట్ల ఉన్నాయి. ర్యామ్‌ను ప్రమాణం కన్నా ఎక్కువ వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ అమరికను బయోస్‌లో ఆపించాను. వేగం 3200 నుంచి 2133కి దిగింది, నాలుగు చుట్లలో తప్పులు సున్నా. మళ్లీ ఎక్స్‌ఎంపీ పెట్టి పాత జత ఒక్కటే ఉంచితే సున్నా. కొత్త జత ఒక్కటే ఉంచితే సున్నా. అంటే నాలుగు స్టిక్‌లూ నిర్దోషులే. నాలుగింటినీ ఒకేసారి 3200 వేగంతో నడిపించడం ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ వల్ల కాలేదు.

ఇప్పుడు చెప్పండి, ఎక్స్‌ఎంపీ ఓవర్‌క్లాక్ కాదా? వాడి స్టిక్‌లు ఎక్స్‌ఎంపీలో 1.35 వోల్టులు తీసుకుంటాయి, డీడీఆర్4 ప్రమాణం 1.2. డబ్బా మీద రాసిన వేగం ఆ స్టిక్‌ల గురించి హామీ, మీ ప్రాసెసర్ గురించి కాదు, నాలుగు కలిపి పెట్టడం గురించి అంతకన్నా కాదు. వాడిది రైజెన్ 5000 తరగతి. ఒకే వరుస చిప్పులున్న స్టిక్‌లు నాలుగు పెడితే దానికి ఏఎండీ చెప్పే వేగమే 2933. మేము కూడా అక్కడికే దించాం. ఆ రాత్రి తప్పులు సున్నా. తర్వాత ఇప్పటి వరకూ గేమ్ ఆగలేదు, వాడి చదువే ఆగింది. అలాగని ఎక్స్‌ఎంపీ చెడ్డదని నేను అనడం లేదు. నా యంత్రంలో అది ఆన్‌లోనే ఉంది. క్రాష్ వచ్చినప్పుడు మొదట ఆపి చూడవలసింది దాన్నే అంటున్నాను. సందేశం దాన్నే ముట్టుకోవద్దంటోంది.

మెమ్‌టెస్ట్‌కూ ఒక లోటు ఉంది. అది నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు చల్లగా కూర్చుంటుంది. ర్యామ్‌లో బిట్ అంటే కారిపోతూ ఉండే చిన్న విద్యుదావేశం, సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు దాన్ని మళ్లీ నింపుతుంటారు. వేడి పెరిగితే అది వేగంగా కారుతుంది. మే నెల మధ్యాహ్నం, ఫ్యాను మాత్రమే ఉన్న గదిలో, గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడిగాలిలో ర్యామ్ పరిస్థితి వేరు. రాత్రి పరీక్ష నెగ్గి పగలు గేమ్ ఆగిపోతుంటే, కంప్యూటర్ డబ్బా పక్క మూత తీసి ఆడి చూడండి. తేడా కనబడితే దారి దొరికినట్టే.

ఐదో అంశం చదివి నవ్వబోయి ఆగాను. రబ్బరు వద్దు, బంగారు పూత అరిగిపోతుంది. కానీ స్టిక్ తీసి మళ్లీ గట్టిగా నొక్కిపెడితే తప్పులు మాయమైన యంత్రాలను నేనే చూశాను, సముద్రం దగ్గరి ఊళ్ల నుంచి వచ్చినవాటిలో మరీను. ఈ ఒక్క చోట సందేశం రాసినాయన సగం గెలిచారు. తీసిపెట్టే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్షించండి, లేకపోతే ఏది నయం చేసిందో తెలియదు.

ఆరోది మాత్రం క్షమించలేను. విజయనగరం గంటస్తంభం దగ్గర పెళ్లి ఫొటోలు తీసే మిత్రుడొకరు సాయంత్రాలు అదే యంత్రంలో గేమ్ ఆడతారు. సందేశాన్ని అక్షరాలా పాటించారు. ఒక పెళ్లి ఫొటోలన్నీ వేరే డిస్కులోకి కాపీ చేశారు, పాత డిస్కు తుడిచారు, విండోస్ ఎక్కించారు. తర్వాత ఆల్బమ్ చేద్దామని తెరిస్తే, తలంబ్రాల ఫొటోలో పెళ్లికూతురి కనుబొమల దాకా సవ్యంగా ఉంది, అక్కడి నుంచి కిందంతా పక్కకు జరిగి ఆకుపచ్చగా మారింది. కాపీ అంటే డిస్కు నుంచి ర్యామ్‌లోకి, ర్యామ్ నుంచి ఇంకో డిస్కులోకి. దారిలో ఒక బిట్ తిరగబడితే తప్పు కాపీయే అసలు కాపీ అవుతుంది, ఎవరూ హెచ్చరించరు. జేపెగ్ ఫైల్లో సమాచారం గొలుసుగా ఉంటుంది కాబట్టి ఒక్క బిట్ తప్పితే ఆ తర్వాతిదంతా తప్పుగా చదవబడుతుంది. అలాంటివి నలభై దాకా ఉన్నాయి. అసలు డిస్కు అప్పటికే తుడిచేశారు. సలహా అద్భుతం, పది మందికీ పంపండి!

గేమ్ ఆగిపోవడం ఈ జబ్బులో మీకు కనబడే భాగం మాత్రమే. కాబట్టి పరీక్ష ముగిసేదాకా ఆ యంత్రంలో ముఖ్యమైనవేవీ కాపీ చేయవద్దు. డిస్కును విప్పి వేరే కంప్యూటర్‌కు తగిలించి తీసుకోండి. వెంటనే ఒక సూచన కావాలంటే, మీ ర్యామ్ కన్నా పెద్ద ఫైలు ఒకటి తీసుకుని, ఫైలు మొత్తాన్నీ చదివి ఒక పొడవాటి అంకె లెక్కగట్టే ఈ ఆదేశాన్ని మీ ఫైలు పేరుతో కమాండ్ ప్రాంప్ట్‌లో రెండుసార్లు నడపండి:

```
certutil -hashfile D:\video.mkv SHA256
```

ఫైలు మార్చకుండానే రెండుసార్లూ వేర్వేరు అంకెలు వస్తే మీ యంత్రం అబద్ధం చెబుతోంది. ఒకే అంకె వస్తే మాత్రం సంబరపడకండి, మెమ్‌టెస్ట్ దగ్గరికే రండి.

ఆ మిత్రుడి యంత్రంలో ఎక్స్‌ఎంపీ ఆపినా తప్పులు ఆగలేదు. ప్రతి చుట్టులో అదే చిరునామా, అదే బిట్. స్టిక్‌లను ఒక్కొక్కటిగా ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షిస్తే ఒకటి దొరికింది. స్లాట్ తప్పేమోనని దాన్ని పక్క స్లాట్‌లోకి మార్చాం, తప్పులు కూడా దాని వెంటే వచ్చాయి. వారంటీ ఉంది కదా అని కొన్న దుకాణానికి తీసుకెళ్లాం. కౌంటర్ దగ్గరి అబ్బాయి దాన్ని ఒక కంప్యూటర్‌లో పెట్టి, విండోస్ వచ్చేదాకా చూసి, తిరిగి మా చేతిలో పెట్టాడు.

"ఆన్ అయింది కదా సార్, బాగానే ఉంది."

ఆ సందేశం అతనికీ చేరినట్టుంది. నేను వాదించలేదు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నలభై నిమిషాలకు ఎర్ర గీత పడింది.