రాయి పేరు చెప్పి చేపలు

సముద్రం కావాలనుకునే దేశం ముందుగా చేయవలసిన పని మంచి రాయిని చూసుకోవడం. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం కొలత నేల నుంచే మొదలవుతుంది. ఆటు వేళ నీరు వెనక్కి తగ్గినప్పుడు తేలే ఒడ్డే సాధారణంగా ఆధార రేఖ. అక్కడి నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, ప్రాదేశిక జలాలు. అందులో చట్టమంతా మీదే, కాకపోతే గొడవ చేయకుండా దాటిపోయే విదేశీ ఓడను ఆపకూడదు. 24 మైళ్ల దాకా అనుబంధ మండలం. అక్కడ కస్టమ్స్, పన్నులు, వలసలు, ఆరోగ్య నిబంధనల పోలీసుగిరీ మాత్రమే. 200 మైళ్ల దాకా ప్రత్యేక ఆర్థిక మండలం: చేపలు, చమురు మీవి, ఓడలు మాత్రం అందరివీ. దేశీయ చట్టం చేసి, హద్దుల అక్షాంశ రేఖాంశాలను ఐక్యరాజ్యసమితికి దాఖలు చేస్తే కాగితం పని ముగిసినట్టే.

ఇక్కడే 121వ నిబంధన అడ్డొస్తుంది. దీవి అంటే సహజంగా ఏర్పడి, పోటు వేళ కూడా నీటి పైన ఉండేది. మనుషులు బతకలేని, సొంత ఆర్థిక జీవితం లేని రాయికి 12 మైళ్లే తప్ప 200 దక్కవు.

ఈ తేడా విలువ ఎంతో జపాన్‌కు తెలుసు. టోక్యోకు దక్షిణాన సుమారు 1,700 కిలోమీటర్ల దూరంలోని ఓకినోటోరిలో పోటు వేళ మిగిలేవి రెండే రాళ్లు. వాటి ఎత్తు జానెడైనా ఉండదు. రాయిగా లెక్కిస్తే చుట్టూ 1,550 చదరపు కిలోమీటర్లు. దీవి అంటే నాలుగు లక్షల పైమాటే, జపాన్ నేల మొత్తం కన్నా ఎక్కువ! అలలు ఆ రాళ్లను అరగదీస్తుంటే ఏ ప్రభుత్వమైనా ఊరుకుంటుందా? 1987 నుంచి దాదాపు 3,000 కోట్ల యెన్‌లతో ఉక్కు దిమ్మెలు, కాంక్రీటు చుట్టూ పేర్చింది. ఒక రాయి మీద టైటానియం వల కూడా కప్పింది, పాపం దిష్టి తగలకుండా.

రాయి మీదే కాంక్రీటు పోసి ఎత్తు పెంచేయొచ్చు కదా అంటారేమో. వద్దు. కృత్రిమ దీవికి ప్రాదేశిక జలాలే ఉండవని 60వ నిబంధన. అందుకే అక్కడ పగడాలు నాటుతున్నారు. సిమెంటు పెరిగితే కట్టడం, పగడం పెరిగితే ప్రకృతి.

బ్రిటన్‌కు ఈ ఓపిక లేకపోయింది. 1997లో ఈ సముద్ర చట్ట ఒప్పందంలో చేరుతూ రాకాల్ అనే బండ నుంచి కొలిచిన 200 మైళ్లను వదిలేసింది. 2016లో దక్షిణ చైనా సముద్రంపై నడిచిన ఫిలిప్పీన్స్-చైనా కేసులో అంతర్జాతీయ ట్రైబ్యునల్ ఇంకా కఠినంగా మాట్లాడింది. అక్కడ తైవాన్ అధీనంలో ఉన్న ‘ఇటు ఆబా’ అనే చోట మంచినీళ్లు, చెట్లు, విమానాల రన్‌వే ఉన్నా అది రాయేనంది. బయటి నుంచి సరుకులు తెచ్చి సైనికులను పోషిస్తే కాపురం కాదట.

ఆ తీర్పును ఇరుపక్షాలూ పాటించాలని జపాన్ గట్టిగా కోరింది. ఓకినోటోరి మాత్రం దీవేనట. దానికి చిరునామా పలక కూడా ఉంది: టోక్యో, ఒగసవార గ్రామం, ఓకినోటోరి దీవి, 1వ నంబరు. ఉత్తరాలు అందుకునేవారే ఇంకా దిగలేదు.