దిండు కింద పవర్ బ్యాంక్

మా అక్క కొడుకు తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. పోయిన మే నెలలో వాడి గదికి వెళ్తే, దిండు గలీబు మీద అరచేతంత మాడిన మచ్చ కనిపించింది. "రాత్రి ఫోన్ ఛార్జింగ్ పెట్టి పడుకున్నా మామా. పవర్ బ్యాంక్ దిండు కిందే ఉండిపోయింది. ఏం కాలేదులే" అన్నాడు. ఏం కాలేదా! దూది దిండు అది, దాని మీద వాడి తల.

ఆ పవర్ బ్యాంక్ చూశాను. సర్క్యూట్ ఉన్న వైపు ప్లాస్టిక్ కరిగింది, లోపలి బ్యాటరీ సెల్ ఉబ్బి డబ్బా అతుకు విడిపోయింది. రోడ్డు పక్క బండి దగ్గర 300 రూపాయలకు కొన్నాడట.

లోపలి సెల్ ఇచ్చేది సుమారు 3.7 వోల్టులు. ఫోనుకు కనీసం 5 కావాలి. ఆ పెంచే పనిలో కొంత కరెంటు వేడిగా పోతుంది. ఫోనుకు 10 వాట్లు పంపితే ఒకటిన్నర, రెండు వాట్ల వేడి పుడుతుందనుకోండి. బల్ల మీద ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. దిండు కింద దానికి దారి లేదు, గంటల తరబడి పేరుకుంటుంది. పక్కనే ఫోను కూడా వేడెక్కుతుంటుంది. ఫోన్ బ్యాటరీని మామూలుగా 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు. మన ఊళ్ళో మే రాత్రి ఫ్యాన్ ఆగిన గదిలో 35 ఉందంటే, ఇక మిగిలింది పది డిగ్రీలే.

మంచి పవర్ బ్యాంక్ తన వేడిని కనిపెట్టి సరఫరా ఆపేస్తుంది. ధర తగ్గించడానికి కొందరు తీసేసేది ఆ ఏర్పాటునే. నాసిరకం సెల్ ఒక హద్దు దాటి వేడెక్కితే, ఆ తర్వాత దానంతటదే వేడి పుట్టించుకుంటుంది. అప్పుడు వైరు పీకేసినా ఆగదు.

అందుకే కొనేముందు వెనక చిన్న అక్షరాలు చదవమంటున్నాను. ఛార్జర్ మీదా, పవర్ బ్యాంక్ మీదా భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, R- తర్వాత ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. గుర్తు ఒక్కటే చూసి నమ్మొద్దు, దాన్ని ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. ఫోన్లో BIS Care యాప్ తెరిచి ఆ నంబరు కొట్టండి. అక్కడ వచ్చే కంపెనీ, బ్రాండు, మోడల్ మీ చేతిలో ఉన్నదానితో కలవాలి. వేరే వస్తువు పేరు వచ్చిందంటే అది దొంగ నంబరు. రెండు నిమిషాల పని. అయినా అడిగితే చాలు, "ఇవన్నీ ఎవరు చూస్తారన్నా" అని అంగట్లో విసుక్కుంటారు. విసుక్కోనీండి.

అసలుదైనా దిండు కింద మాత్రం వద్దు. మావాడు ఇప్పుడు మంచానికి దూరంగా గచ్చు మీద పెడుతున్నాడు. మీ ఇంట్లో ఉన్నదాన్ని ఈరోజే బల్ల మీద పెట్టి చూడండి. అటూ ఇటూ ఊగుతుంటే ఉబ్బినట్టే. నొక్కొద్దు, పొడవొద్దు, మళ్ళీ ఛార్జ్ చేయొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. బట్టలకు, కాగితాలకు దూరంగా ఉంచి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి.