వాన చినుక్కి ఆధార్ కార్డు లేదు

మా నాలుగు నిమిషాల షార్ట్ ఫిల్మ్ కథ ఇంతే. ధనుర్మాసంలో నాయనమ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంది. వాన కడిగేస్తుంది. ఆమె మళ్ళీ వేస్తుంది. ఇందులో ఏ సీను ఏఐతో చేయించాలి, ఏది చేత్తో గీయాలి అన్న జాతీయ సమస్యను తేల్చడానికి మా డాబా మీద ఉన్నతస్థాయి సంఘం సమావేశమైంది. సభ్యులు ముగ్గురు: నేను, మా మేనల్లుడు, బొమ్మలు గీసే మా మిత్రుడు. మిరపకాయ బజ్జీలకు విడిగా కేటాయింపు జరిగింది.

"గీయడమంటే సెకనుకు 12 బొమ్మలు మామయ్యా. ఆరు సెకన్ల షాట్‌కి 72. నేనైతే టీ చల్లారేలోపు తెస్తా" అన్నాడు మేనల్లుడు. తెచ్చాడు కూడా. ముగ్గు వేస్తున్న నాయనమ్మ, మంచు, వెనక తులసికోట. సభ చప్పట్లు కొట్టింది.

మిత్రుడు మాత్రం మొదటి ఫ్రేమునూ చివరి ఫ్రేమునూ పక్కపక్కన పెట్టి చుక్కలు లెక్కపెట్టాడు. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వరకు అంటే 37 ఉండాలి. మొదట్లో 33 ఉన్నాయి, చివరికి 41 అయ్యాయి. నాయనమ్మ చెయ్యి అడ్డొచ్చిన ప్రతిసారీ దాని కింద చుక్కలు పిల్లల్ని పెట్టాయన్నమాట. ఏఐ చుక్కల్ని గుర్తుపెట్టుకోదు. చెయ్యి పక్కకి జరిగాక అక్కడేముంటే బాగుంటుందో కొత్తగా ఊహిస్తుంది. గీత కూడా పిండి రాలకముందే వేలికి జానెడు ముందు పరిగెత్తుతోంది. తర్వాతి షాట్‌లో చీర అంచు ఆకుపచ్చ నుంచి నీలానికి మారింది. మేనల్లుడు 31 సార్లు మళ్ళీ చేయించాడు. ప్రతిసారీ కొత్త తప్పే వచ్చింది, దాన్ని పురోగతిగా నమోదు చేశాం.

దాంతో సంఘం ఒక సూత్రం ఆమోదించింది. ముందు షాట్‌లో ఉన్నదే తర్వాతి షాట్‌లోనూ ఉండాల్సినవాటికి ఆధార్ కార్డు ఉన్నట్టు లెక్క. అవి చేత్తోనే గీయాలి. నాయనమ్మ, ముగ్గు, పిండి గిన్నె ఆ కోవలోకొచ్చాయి. వాన చినుక్కి ఆధార్ లేదు, ఇందాకటి చినుకు నువ్వేనా అని ఎవరూ అడగరు. మబ్బు, మంచు, దూరంగా పొగ, ఇవన్నీ మేనల్లుడి శాఖకు వెళ్ళాయి. వీధి చివర కొట్టు బోర్డును కూడా అడిగాడు కానీ, ఏఐ రాసిన అక్షరాలు తెలుగులా కనబడుతున్నాయే గానీ ఏ తెలుగువాడూ చదవలేకపోయాడు. ఆ శాఖ వెనక్కి తీసుకున్నాం.

మిత్రుడు నాలుగు రోజుల్లో ముగ్గు షాట్ పూర్తిచేశాడు. కెమెరా కదలదు కాబట్టి వాకిలి ఒక్కసారే గీశాడు, మిగతా శ్రమంతా చేతికీ గీతకీ పెట్టాడు. తీరా వానను దాని మీద కలిపితే నాయనమ్మ ఒక సినిమాలో, వాన ఇంకో సినిమాలో ఉన్నట్టుంది. వాన సెకనుకు 24 ఫ్రేముల్లో నున్నగా జారుతోంది, ఆమె చెయ్యి 12లో కదులుతోంది. చివరికి వానలోనూ ఫ్రేము విడిచి ఫ్రేము తీసేసి, మిగిలినదాన్ని రెండేసి ఫ్రేములు నిలబెడితే గాని ఇద్దరూ ఒకే వాకిట్లోకి రాలేదు.

మొదటి ప్రదర్శన మా అమ్మకి. కళ్ళజోడు సర్దుకుని చుక్కలు లెక్కపెట్టింది. "ముప్పై ఏడు. సరిపోయింది" అంది. మిత్రుడు కాలరు సవరించుకున్నాడు.

"అంతా బానే ఉంది గానీ, ధనుర్మాసంలో ఇంత వానేమిట్రా?"