సేట్ గారూ, కాలమ్‌లు కదపకండి!

హోల్‌సేల్ కిరాణా వ్యాపారి గారికి,
బేగంబజార్, హైదరాబాద్.

సేట్ గారికి నమస్కారాలు.

వచ్చే నెల సరుకుకు ధరల పట్టిక ఎక్సెల్‌లో పంపుతున్నాం. పట్టిక ఉండగా మళ్లీ ఈ ఉత్తరమెందుకని మీరు అడగొచ్చు. పోయినసారి పట్టిక ఒక్కటే పంపాం. మీ రేట్లు నింపుకొని తిరిగొచ్చిన దాంట్లో ఉప్పు కిలో 860 రూపాయలు, జీడిపప్పు కిలో 22 రూపాయలు ఉన్నాయి. అందుకే ఈసారి ఏ కాలమ్ ఎందుకుందో రాసి మరీ పంపుతున్నాం. మీ గుమాస్తా అబ్బాయి టీ తాగొచ్చాక ఒకసారి చదివి వినిపించగలరు.

మొదటి కాలమ్ వరుస నంబరు. మా దుకాణంలో అరలు ఎలా ఉన్నాయో నంబర్లు అలాగే ఉన్నాయి. అది మీ అబ్బాయికి నచ్చలేదు. రేట్లన్నీ నింపాక, పేర్లు అక్షర క్రమంలో ఉంటే అందంగా ఉంటుందని సరుకు కాలమ్ ఒక్కదాన్నే పట్టుకుని సార్ట్ నొక్కాడు. ఎక్సెల్ పాపం హెచ్చరించింది. పక్క కాలమ్‌లను కూడా కలిపి జరపమంటే `Expand the selection`, వద్దంటే `Continue with the current selection` అని రెండు దారులు చూపించింది. అబ్బాయి రెండోది నొక్కాడు. పేర్లు మాత్రం లేచి వేరే వరుసల్లో కూర్చున్నాయి, రేట్లు ఎక్కడివి అక్కడే ఉండిపోయాయి. ఫైలు మూయకముందే కంట్రోల్ జడ్ నొక్కి ఉంటే అన్నీ వెనక్కి వచ్చేవి. సేవ్ చేసి, మూసేసి, మాకు పంపాక ఇక చేసేదేం లేదు. వరుస నంబరుతో మళ్లీ సార్ట్ చేసినా లాభం లేదు, నంబర్లు కూడా రేట్ల పక్కనే నిలబడి పోయాయి కదా. ఈసారి కాగితం మీద ప్రింటు కూడా జత చేశాం. ప్రింటులో 7వ నంబరు జీడిపప్పు. మీ తెర మీద 7 పక్కన ఇంకేదైనా కనబడితే, దయచేసి అక్కడే ఆగిపోండి.

రెండో కాలమ్ సరుకు పేరు. దీని గురించి ఒక్క ముక్క: మినపగుళ్లు అని రాస్తే పొట్టు మినప్పప్పు పంపకండి. ఇడ్లీ పిండి కోసం వచ్చిన ఆడవాళ్లకు జవాబు చెప్పాల్సింది మేము.

మూడోది ప్యాకింగ్. గొడవంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. ఈ కాలమ్‌లో ఉత్త అంకె ఎక్కడా ఉండదు, పక్కన కిలోనో లీటరో తప్పకుండా ఉంటుంది. పోయినసారి మేము నూనె టిన్ను 15 కిలోలు అని రాస్తే, మీ బిల్లులో 15 అని మాత్రమే వచ్చింది, దిగిందేమో 15 లీటర్ల టిన్ను. సన్‌ఫ్లవర్ నూనె లీటరు తూగేది సుమారు 910 గ్రాములు. అంటే 15 లీటర్ల టిన్నులో ఉండేది 13 కిలోల 650 గ్రాములే. కిలో 150 లెక్కన వేసుకున్నా టిన్నుకు 1,350 గ్రాములు, అంటే 202 రూపాయల చిల్లర గాలిలో కలిసింది. 10 టిన్నులకు రెండు వేల పైమాట. రెండు రకాల టిన్నులూ పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి, రంగు చూసి చెప్పలేం. నికర పరిమాణం అని టిన్ను మీద అచ్చు వేసిన చోట లీటర్లు, బరువు చదివితేనే తేడా తెలుస్తుంది. ఆ రెండు అంకెలూ చూసి రేటు వేయమని కోరుతున్నాం.

అదే కాలమ్‌లో బియ్యం దగ్గర 26 కిలోలు అని ఉంటుంది. అది అచ్చుతప్పు కాదు. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా ఉంటే 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడుతోంది. ఆ గీత దాటడానికే మిల్లుల వాళ్లు 26 కిలోల బస్తా తెచ్చారు. మీ అబ్బాయి చాలా శ్రద్ధగల పిల్లాడు, 26ను పొరపాటనుకుని 25గా దిద్దాడు. ఒక్క అంకె దిద్దుబాటుతో బస్తాలో కిలో బియ్యం పోయి, బిల్లులో పన్ను వచ్చి చేరింది.

నాలుగో కాలమ్ పెట్టెలో ఎన్ని అనేది. అగరవత్తుల పెట్టెలో 10 కట్టలు, కట్టకు 12 ప్యాకెట్లు. దీన్ని మీవాళ్లు 10-12 అని కొట్టారు. మధ్యలో గీత కనబడితే ఎక్సెల్‌కు తేదీయే గుర్తొస్తుంది, వెంటనే 10-Dec చేసి పెట్టింది. మర్నాడు మీ దగ్గరి నుంచి ఫోను: "అగరవత్తులు డిసెంబరు 10నే దిగాలా అండీ? ముందే పంపితే దించుకోరా?" ఈసారి ఆ కాలమ్ మొత్తాన్ని ముందే టెక్స్ట్‌గా మార్చి పంపుతున్నాం. ఆ తర్వాత కొట్టింది కొట్టినట్టే ఉంటుంది. అప్పటికే తేదీ అయిపోయిన గడిని ఇప్పుడు టెక్స్ట్ చేస్తే మాత్రం నలభై వేల చిల్లర అంకె ఒకటి బయటికొస్తుంది. దాన్ని చూసి అన్ని పెట్టెలు లారీకి ఎత్తకండి.

ఐదోది ఎమ్మార్పీ, ఆరోది మా చేతికి పడే ధర. ఎమ్మార్పీ మీద మాకు 12 శాతం మిగలాలని మాట అనుకున్నాం. 100 రూపాయల వస్తువు మాకు 88కి పడాలి. మీ అకౌంటెంట్ గారు 12 శాతాన్ని కొన్న ధర మీద కట్టి, 100ను 1.12తో భాగించి 89 రూపాయల 29 పైసలు వేశారు. ఆయన లెక్కలో తప్పు లేదు, అది మనం అనుకున్న లెక్క కాదు, అంతే. ప్యాకెట్‌కు 1 రూపాయి 29 పైసలంటే 120 ప్యాకెట్ల పెట్టెకు సుమారు 155 రూపాయలు. ఈ 88 జీఎస్టీ కలిపిన ధర అని కూడా గుర్తుంచుకోండి. మాది కాంపొజిషన్ దుకాణం, కట్టిన పన్ను మాకు క్రెడిట్‌గా తిరిగి రాదు. "టాక్స్ ఎక్స్‌ట్రా" అని కింద చిన్న అక్షరాలతో రాస్తే అది మా లాభంలోంచే పోతుంది.

ఏడోది స్కీము. 12 కొంటే 1 ఉచితం అన్నప్పుడు మీ సేల్స్‌మన్ దాన్ని 8.33 శాతం తగ్గింపు అంటాడు. 12 ప్యాకెట్ల డబ్బు కట్టి 13 తీసుకుంటున్నాం కాబట్టి తగ్గేది పదమూడింట ఒక వంతు, అంటే 7.69 శాతం. 88 రూపాయల ప్యాకెట్ 81 రూపాయల 23 పైసలకు పడుతుంది. ఆ ఉచిత ప్యాకెట్ కూడా అదే సైజుదై ఉండాలి. పెద్ద సబ్బు డజను కొంటే పక్కన శాంపిల్ సబ్బు పెట్టి పదమూడని లెక్కపెట్టడం బాగుండదు.

ఎనిమిదోది మాకు కావలసింది. అంకె పక్కన పెట్టెలా, డజన్లా, విడివా అన్నది రాశాం. ఇంగువ డబ్బాలు 5 అంటే అయిదే. పోయినసారి దిగిన అయిదు పెట్టెల ఇంగువ అమ్ముడయ్యే లోపు మా బేరగాళ్లలో సగం మందికి మనవలు పుడతారు. అవి వెనక్కి పంపుతున్నాం, లారీ ఆఫీసు రసీదు జత చేశాం.

తొమ్మిదో కాలమ్ ఒక్కటే పసుపు రంగులో ఉంది. అది మీ రేటుకు, దాని పక్కనున్న చివరి కాలమ్ ఆ రేటు ఎప్పటిదాకా నిలుస్తుందో చెప్పడానికి. నూనె రేటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉంటుందని మాకూ తెలుసు. అయినా "స్టాకు ఉన్నంతవరకు" అని రాయకండి. మీ గోదాములో స్టాకు మాకు కనబడదు. తేదీ వేయండి. ఈ ఒక్క కాలమ్‌లో మాత్రం ఎక్సెల్ తనంతట తాను తేదీ చేసినా మాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
కిరాణా అండ్ జనరల్ స్టోర్స్ యజమాని