లాగ్ స్కేలు గ్రాఫు గీసేవారు పాఠకుడికి బాకీ పడిన మాట

డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ చెప్పడం నా ఉద్యోగం. వందల నుంచి కోట్ల దాకా పాకిన లెక్కలను ఒక్కో మెట్టుకు సంఖ్య పది రెట్లయ్యే లాగ్ స్కేలు మీదే గీయాలని తరగతిలో ఏళ్లుగా చెబుతున్నాను, ఇప్పటికీ అదే నమ్ముతాను. అయితే ఆ గ్రాఫును ఏ వివరణా లేకుండా మామూలు పాఠకుల ముందు పెట్టడం తప్పని, ఆ తప్పు పాఠకుడిది కాదని ఈ మధ్య నాకు బలంగా అనిపిస్తోంది. అందుకు కారణం, మన దేశపు కోవిడ్ లెక్కలతో నేను గీసిన ఒక గ్రాఫును మా బాబాయి చదివిన తీరు.

ముందు ఆ లెక్కలు చూడండి. దేశంలో నమోదైన మొత్తం కేసులు 2020 మార్చి నడుమ 100కు చేరాయి. మార్చి నెలాఖరుకు 1,000, ఏప్రిల్ నడుమకు 10,000, మే 19 ప్రాంతంలో 1 లక్ష, జూలై నడుమ 10 లక్షలు, డిసెంబరు 19 ప్రాంతంలో 1 కోటి దాటాయి. దీన్ని పది సెంటీమీటర్ల ఎత్తున్న మామూలు గ్రాఫులో, 1 కోటి పైఅంచున ఉండేలా గీస్తే, 10 లక్షలు అడుగు నుంచి ఒక సెంటీమీటరు ఎత్తులో, 1 లక్ష ఒక మిల్లీమీటరు ఎత్తులో ఉంటాయి. 10,000 అయితే మిల్లీమీటరులో పదో వంతు, అంటే పెన్ను గీత మందం కన్నా తక్కువ. మార్చి, ఏప్రిల్ నెలలు ఆ గ్రాఫులో నేలకు అంటుకుపోయిన గీత మాత్రమే. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన రోజు దగ్గర వేలు పెట్టి, "అప్పటికి ఏమీ లేదు కదా" అని ఎవరైనా అంటే, ఆ గ్రాఫు చూసినంతలో ఆ మాటను కాదనలేం. నిజానికి ఆ రోజుల్లో కేసులు రెండు వారాలకు పది రెట్లు అవుతున్నాయి. పరీక్షలు పెరగడం వల్ల కూడా నమోదైన లెక్క కొంత పెరిగి ఉంటుంది కానీ, ఆ వేగం మామూలు గ్రాఫులో అసలు కనబడనే కనబడదు.

లాగ్ స్కేలులో నిలువు అక్షం మీద 100, 1,000, 10,000, 1 లక్ష, 10 లక్షలు, 1 కోటి సమాన దూరంలో మెట్లలా ఉంటాయి. అదే పది సెంటీమీటర్లలో ఐదు మెట్లు, మెట్టుకు రెండు సెంటీమీటర్లు. మొదటి రెండు మెట్లు ఎక్కడానికి రెండేసి వారాలు, మూడో మెట్టుకు ఐదు వారాలు, నాలుగో మెట్టుకు రెండు నెలలు, ఐదో మెట్టుకు ఐదు నెలలు పట్టింది. గీత మొదట నిటారుగా లేచి, తర్వాత క్రమంగా వాలుతుంది. ఆ వాలే చెప్పాల్సిన సంగతి, ఎందుకంటే ఈ గ్రాఫులో గీత ఎంత నిటారుగా ఉంటే లెక్క అంత తొందరగా పది రెట్లు అవుతోందని అర్థం.

మా బాబాయికి ఊళ్లో ఎరువుల దుకాణం ఉంది. చక్రవడ్డీ నోటితో లెక్క కట్టగలడు. ఆయన నా గ్రాఫులో 100కూ 1,000కీ సరిగ్గా నడుమ ఉన్న చుక్కను చూసి, "ఇది ఐదు వందల యాభై కదరా?" అన్నాడు. అది దాదాపు 316. ఆయన పొరబాటు పడలేదు, పుట్టినప్పటి నుంచీ చూసిన ప్రతి కొలబద్దా, ప్రతి టేపూ ఏం నేర్పాయో అదే చదివాడు. 2020లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో ఇలాంటి గ్రాఫునే కొందరికి మామూలు స్కేలులో, కొందరికి లాగ్ స్కేలులో చూపించి ప్రశ్న అడిగితే, మామూలు గ్రాఫు చూసినవారిలో సుమారు 84 శాతం మంది సరైన జవాబు చెప్పగా, లాగ్ గ్రాఫు చూసినవారిలో 41 శాతం మందే చెప్పగలిగారు. దీన్ని చూసి లాగ్ గ్రాఫులే వద్దనేవారున్నారు. నేను వారితో ఏకీభవించను. చెప్పకుండా చూపించడమే వద్దంటాను.

బాబాయికి లాగ్‌కు తెలుగు పేరైన సంవర్గమానం అన్న మాట ఎత్తకుండా, అంకెల లెక్క చెప్పాను. 100కు మూడు అంకెలు, 1,000కి నాలుగు, లక్షకు ఆరు, కోటికి ఎనిమిది. ఈ గ్రాఫులో ఒక మెట్టు ఎక్కడమంటే సంఖ్యకు ఒక అంకె పెరగడం. వేలు, పదివేలు, లక్ష, పది లక్షలు, కోటి అని మనం చిన్నప్పటి నుంచి స్థానాలు చదువుకున్న వరసే ఆ అక్షం. అది ఆయనకు వెంటనే పట్టింది. "అంటే కూడికతో కాదు, గుణకారంతో ఎక్కే మెట్లన్నమాట" అన్నాడు. ఆ మెట్ల పక్కన 10⁵, 10⁶ అని రాయకుండా లక్ష, పది లక్షలు అని రాయడం, మెట్టుకూ మెట్టుకూ నడుమ కనీసం 2, 5 రెట్ల గీతలు చూపించడం అందుకే అవసరం. రెండు రెట్ల గీత మెట్టులో మూడో వంతుకు కాస్త కిందగా, ఐదు రెట్ల గీత 70 శాతం ఎత్తులో పడతాయి. అవి కనిపిస్తే సగం ఎత్తులోని చుక్కను ఎవరూ 550గా చదవరు.

సున్నా ఈ అక్షం మీద ఎక్కడా లేదన్నది కూడా చెప్పాలి. ఎంత కిందికి దిగినా ఒకటి, పదో వంతు, వందో వంతు వస్తాయే తప్ప సున్నా రాదు. 2020 ఫిబ్రవరిలో కొత్త కేసులు లేని రోజులు చాలా ఉన్నాయి. రోజువారీ కేసుల గ్రాఫును లాగ్‌లో గీస్తే ఆ రోజులు ఏ సూచనా లేకుండా మాయమవుతాయి. గీత తెగిన చోట "ఆ రోజుల్లో కేసులు లేవు" అని రాయకపోతే, పాఠకుడు సమాచారం అందలేదనుకుంటాడు.

ఇంత చెప్పాక బాబాయి అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. గీతను 2021 మే దాకా పొడిగించి చూపించాను. మొత్తం కేసులు 1 కోటి నుంచి మే మొదటి వారానికి 2 కోట్లు దాటాయి. రెండు రెట్లంటే మెట్టులో మూడో వంతు కూడా కాదు, నా గ్రాఫులో ఆరు మిల్లీమీటర్లు. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "ఆ ఏప్రిల్, మే నెలల్లో మన వీధిలోనే ముగ్గురు పోయారు. నీ గీతలో అది ఎక్కడుందిరా?" అన్నాడు.

నిజంగానే లేదు. మొదటి మెట్టులో ఉన్నది 900 మంది, చివరి మెట్టులో ఉన్నది 90 లక్షల మంది, రెండింటి ఎత్తూ ఒకటే. వేగం కనబడాలని మనుషుల లెక్కను అంతగా నొక్కేసిన అక్షం అది. పైగా నేను గీసింది మొత్తం కేసులు. మొత్తం ఎప్పుడూ తగ్గదు, పెద్దదయ్యే కొద్దీ కొత్త ఉప్పెనను తనలో కలిపేసుకుంటుంది. ఆ రాత్రే రోజువారీ కేసులతో రెండు గ్రాఫులు గీశాను. లాగ్ స్కేలులో, 2021 ఫిబ్రవరి నడుమ రోజుకు పది వేల పైచిలుకు ఉన్న గీత మే మొదటి వారంలో 4 లక్షలు దాటే దాకా ఒకటిన్నర మెట్టు పైగా ఎక్కింది. మార్చి నెలలోనే అది పైకి తిరిగిన మలుపు అందులో స్పష్టంగా కనిపిస్తుంది. పక్కనే మామూలు స్కేలులో గీసిన దానిలో ఏప్రిల్, మే నెలలు గోపురంలా నిలబడ్డాయి. మొదటి దాని కింద "ఒక్కో మెట్టుకు పది రెట్లు, ఇది వేగం చూడటానికి" అని, రెండో దాని కింద "ఇది ఎంతమంది అన్నది చూడటానికి" అని రాసి, రెండింటినీ ఒకే కాగితం మీద అచ్చు తీసి బాబాయికి ఇచ్చాను. ఆయన రెండోదాన్నే దుకాణంలో గల్లాపెట్టె వెనక గోడకు అంటించాడు. మార్చి మలుపు కనిపించే మొదటి దాన్ని నేను విద్యార్థులకు చూపిస్తున్నాను, ఇప్పుడు దాని కింద ఆ ఒక్క వాక్యం తప్పనిసరిగా ఉంటోంది.