సవరణ: గజాలీ, పత్తి, నిప్పు

"తర్కంతో గెలవలేక గజాలీ తర్కాన్నే తోసిపుచ్చాడు" అని గత పోస్టులో రాశాను.

అది తప్పు. ముస్లిం మత పండితుడైన గజాలీ 1095లో ముగించిన, తత్త్వవేత్తల వాదాలను ఖండించే 'తహాఫుత్ అల్-ఫలాసిఫా' అనువాదంలో 17వ చర్చ చూస్తే విషయం వేరు. అష్అరీ అనే ఇస్లామిక్ మతతత్త్వ సంప్రదాయానికి చెందిన ఆయన, కారణం ఉంటే ఫలితం తప్పదనే తత్త్వవేత్తలతో అక్కడ వాళ్ల పద్ధతిలోనే వాదించాడు. నిప్పు తగిలినప్పుడు పత్తి కాలడం మనం చూస్తాం. నిప్పు వల్లే కాలిందన్నది మాత్రం కంటికి కనిపించదు. రెండూ వెంటవెంట జరగడం దైవ సంకల్పం. ఒకటి లేకుండా మరొకటి జరిగిందంటే అందులో తార్కిక వైరుధ్యం లేదు. కాబట్టి ఇబ్రాహీం ప్రవక్తను మంటలు కాల్చలేదన్న దివ్యవాణి అసాధ్యమేమీ కాదు.

'అయితే ఇంట్లో వదిలి వచ్చిన పుస్తకం గుర్రమైపోయి ఉండవచ్చా?' అనే ఆక్షేపణను కూడా ఆయనే లేవనెత్తాడు. సాధ్యమే గానీ అలా జరగదన్న జ్ఞానాన్ని దేవుడే మనలో కలిగిస్తాడని జవాబు. ఇది కొంచెం తప్పించుకున్నట్టే అనిపిస్తుంది నాకు. బహుశా అందుకేనేమో, వస్తువులకు స్వభావాలు ఉన్నాయని ఒప్పుకుంటూ రెండో జవాబు కూడా ఇచ్చాడు: మనకు తెలియని కారణం ఏదో ఆ మంటను అడ్డుకుని ఉండవచ్చు.

తర్కశాస్త్రం రానివాడి విద్యను నమ్మలేమని తన ధర్మశాస్త్ర గ్రంథం 'అల్-ముస్తస్ఫా' ఆరంభంలో చెప్పింది కూడా ఈయనే.