300 పేజీలు పడతాయన్న ఫార్వర్డ్ మెసేజ్‌లో లెక్క ఎక్కడ తప్పింది

"128K కాంటెక్స్ట్ అంటే 300 పేజీలు. ఏ భాషలో పుస్తకమైనా మొత్తం ఒకేసారి పేస్ట్ చేసేయండి. పట్టకపోతే మోడలే చెప్తుంది."

ఈ ఫార్వర్డ్ మెసేజ్ నమ్మి హనుమకొండలో మా సార్, రిటైరైన హెడ్మాస్టర్, వరంగల్ చెరువుల మీద తాను రాసిన 180 పేజీల పుస్తకాన్ని ఒక AI చాట్ యాప్‌లో పేస్ట్ చేసి, చెరువుల పేర్లతో అకారాది సూచిక అడిగారు. సూచిక చకచకా వచ్చింది, చూడ్డానికి బాగుంది కూడా. అందులో రామప్ప ఉంది, లక్నవరం ఉంది. మొదటి అధ్యాయమంతా దేని గురించో, ఆ పాకాల మాత్రం లేదు. "తమ్మీ, పాకాలే లేకుంటే ఇది చెరువుల పుస్తకమెట్లయితది?" అని ఫోన్ చేశారు.

300 అనే అంకె గాల్లోంచి పుట్టలేదు. 2023 నవంబర్‌లో GPT-4 Turbo మోడల్ విడుదల చేస్తూ ఓపెన్ఏఐ చెప్పిన మాటే అది. కాకపోతే అది ఇంగ్లిష్ పేజీల లెక్క. మోడల్ పేజీలను కాదు, టోకెన్లను, అంటే మాటల ముక్కలను లెక్కబెడుతుంది. 128K కాంటెక్స్ట్ అంటే ఒకేసారి దాని కిటికీలో పట్టేవి 1,28,000 టోకెన్లు. ఇంగ్లిష్‌లో ఒక టోకెన్ సుమారు ముప్పావు పదం. 300 పదాల పేజీకి 400 టోకెన్లు వేసుకుంటే 128K లో 320 పేజీలు పడతాయి.

తెలుగు దగ్గర ఈ లెక్క నిలవదు. "క్షే" మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది క, పొల్లు, ష, ఏత్వం, అంటే నాలుగు గుర్తులు. రాతను దాచుకునే UTF-8 పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 12. టోకెన్లుగా విడగొట్టే పట్టికలో తెలుగు ముక్కలు తక్కువగా ఉంటే ఒక మాట తునాతునకలవుతుంది. 2024 లో GPT-4o తో పట్టిక మార్చినప్పుడు ఓపెన్ఏఐ చూపించిన ఉదాహరణలో ఒకే తెలుగు వాక్యం 159 టోకెన్ల నుంచి 45 కి దిగింది. అదే వాక్యం ఇంగ్లిష్‌లో 24. అంటే కొత్త పట్టికతో కూడా మనకు దాదాపు రెట్టింపు పడుతుంది.

అందుకే పేజీలు లెక్కబెట్టడం మానేసి, పుస్తకంలోంచి రెండు రకాల పేజీలు తీసి కొలిచాను:

```python
import tiktoken
enc = tiktoken.get_encoding("o200k_base")
t = open("page.txt", encoding="utf-8").read()
print(len(enc.encode(t)))
```

ఈ కోడ్ వాడేది GPT-4o టోకెన్ల పట్టిక. వేరే కంపెనీ మోడల్‌కైతే వాళ్ల లెక్కే చూడాలి. మామూలు పేజీ 900 టోకెన్ల దగ్గర తేలింది. ఆయకట్టు ఎకరాలు, సర్వే నంబర్ల పట్టిక ఉన్న పేజీ 1,500 అయింది. మామూలు పేజీలు 160, పట్టికల పేజీలు 20. కలిపితే 1,44,000 + 30,000 = 1,74,000. కిటికీ 1,28,000. పట్టకుండా పోయిన 46,000 అంటే దాదాపు 51 మామూలు పేజీలు. యాప్ వాటిని మొదటి నుంచే కోసేసింది. పాకాల అధ్యాయం ఆ మొదటి యాభైలోనే ఉంది!

(ఒక మాట: సార్ రాతప్రతి మొదట యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లలో ఉండేది. దాన్ని అలాగే కాపీ చేస్తే ఇంగ్లిష్ గుర్తుల గందరగోళం వస్తుంది. టోకెన్లు ఖర్చవుతాయి, మోడల్‌కు ముక్క అర్థం కాదు. యూనికోడ్‌లోకి మార్చాకే కొలవాలి.)

ఇక అంచు దాకా నింపేయొచ్చన్న ధీమా. ఆ 1,28,000 లో మీ పేస్ట్ ఒక్కటే ఉండదు. యాప్ లోపలి సూచనలు, మీ ప్రశ్న, వచ్చే జవాబు, తర్వాత మీరు అడిగే ప్రతి అనుబంధ ప్రశ్న, అన్నీ అందులోనే. నేనైతే ఐదో వంతు ఖాళీగా ఉంచి, లక్షకు మించకుండా చూసుకుంటాను. పైగా యాప్‌లో మీ ప్లాన్‌కు ఇచ్చేది మోడల్ పూర్తి సామర్థ్యం కన్నా తక్కువ ఉండొచ్చు. అది ముందు చూసుకోండి.

మోడలే చెప్తుందన్న మాటే అన్నిటికన్నా ప్రమాదం. ప్రోగ్రాం రాసి నేరుగా ఓపెన్ఏఐ API వాడితే `context_length_exceeded` అని ఎర్రర్ వచ్చి ఆగుతుంది, అది మేలు. చాట్ యాప్‌లు కొన్ని పాత భాగాన్ని చప్పుడు చేయకుండా వదిలేస్తాయి. ఫైల్‌గా జత చేస్తే కొన్ని మొత్తం చదవకుండా ప్రశ్నకు దగ్గరున్న ముక్కలే వెతికి తెచ్చుకుంటాయి. సూచిక లాంటి పనికి అది అసలు పనికిరాదు. తెలుసుకోవడం తేలికే. పేస్ట్ చేసే పాఠం మొదట్లో "గుర్తు: తుమ్మ 7", మధ్యలో "గుర్తు: మోదుగ 4" అని రాసి, గుర్తులన్నీ చెప్పమని అడగండి. తుమ్మ రాకపోతే తల తెగినట్టే. మధ్యది మాత్రమే రాకపోతే, పట్టినా సరిగా పట్టించుకోలేదన్నమాట. పొడుగు పాఠాల్లో అదీ జరుగుతుంది.

సార్ పుస్తకాన్ని రెండు సగాలు చేశాం. ఒక్కోటి 80 మామూలు పేజీలు, 10 పట్టికల పేజీలు, 87,000 టోకెన్లు. ఒక్కోదానికి కొత్త చాట్ తెరిచి సూచిక తీసుకుని, రెండూ ఎక్సెల్‌లో కలిపి అకారాదిగా పేర్చాం. పాకాల వచ్చింది. "పాకాల", "పాఖాల" అని రెండుసార్లు వచ్చింది, కానీ అది సార్ రాతలో తప్పే.